జన్మ నక్షత్రం నుంచి దశ లెక్క: ఏళ్లు, నెలలు, రోజులు

తెలుగువారి జాతక చక్రాల కింద సాధారణంగా ఒక చిన్న వాక్యం ఉంటుంది: ‘జన్మకాల బుధ మహర్దశ శేషం సం. 7, నె. 0, రో. 4’. ఆ జాతకుడి జీవితంలో ఏ గ్రహ దశ ఏ వయసులో మొదలై ఏ వయసులో ముగుస్తుందో చెప్పే పట్టిక అంతా ఈ మూడు అంకెల మీదే నిలబడుతుంది. ఇవి తప్పితే ఆ తర్వాతి తేదీలన్నీ అంతే మేరకు తప్పుతాయి. దశల ఫలితాలు నమ్మకానికి సంబంధించిన విషయం. లెక్క మాత్రం అంకగణితం. పంచాంగం చూడటం, కూడికలు, తీసివేతలు వచ్చినవారెవరైనా దీన్ని చేసుకోవచ్చు, ఇతరులు చేసిన లెక్కను సరిచూసుకోవచ్చు.

నూట ఇరవై ఏళ్ల చుట్టు

దశల పద్ధతులు చాలా ఉన్నాయి. తెలుగునాట ఎక్కువగా వాడుకలో ఉన్నది వింశోత్తరి. ఇందులో మనిషి పూర్ణాయుర్దాయాన్ని 120 ఏళ్లుగా తీసుకుని తొమ్మిది గ్రహాలకు పంచుతారు. రవికి 6, చంద్రుడికి 10, కుజుడికి 7, రాహువుకు 18, గురువుకు 16, శనికి 19, బుధుడికి 17, కేతువుకు 7, శుక్రుడికి 20 ఏళ్లు. ఈ వరుస ఎప్పుడూ మారదు. శుక్ర దశ అయ్యాక మళ్లీ రవి దశ వస్తుంది. వరుస గుర్తుండటానికి ‘ఆ, చం, కు, రా, జీ, శ, బు, కే, శు’ అని మొదటి అక్షరాలతో చెప్పుకుంటారు. ఇందులో ఆ అంటే ఆదిత్యుడు, జీ అంటే జీవుడు, అంటే గురువు.

పుట్టినప్పుడు ఏ దశ నడుస్తున్నదో జన్మ నక్షత్రం చెబుతుంది. 27 నక్షత్రాలను కృత్తిక నుంచి మొదలుపెట్టి ఇదే వరుసలో గ్రహాలకు అప్పగించారు. కృత్తిక రవిది, రోహిణి చంద్రుడిది, మృగశిర కుజుడిది, ఆర్ద్ర రాహువుది, పునర్వసు గురువుది, పుష్యమి శనిది, ఆశ్లేష బుధుడిది, మఖ కేతువుది, పుబ్బ శుక్రుడిది. ఉత్తరతో మళ్లీ రవి వస్తాడు. ఉత్తరాషాఢతో మూడో చుట్టు మొదలవుతుంది. అలా ఒక్కో గ్రహానికి మూడేసి నక్షత్రాలు వస్తాయి. ఆశ్లేష, జ్యేష్ఠ, రేవతి నక్షత్రాల్లో పుట్టినవారికి మొదట నడిచేది బుధ దశే.

అయితే ఆశ్లేషలో పుట్టిన ప్రతి శిశువుకూ 17 ఏళ్ల బుధ దశ మొత్తం మిగిలి ఉండదు. చంద్రుడు ఆశ్లేషలో అడుగుపెట్టిన క్షణాన పుట్టిన శిశువుకు పూర్తి 17 ఏళ్లూ ఉంటాయి. నక్షత్రం సగం గడిచాక పుడితే ఎనిమిదిన్నర ఏళ్లే ఉంటాయి. నక్షత్రం ముగియబోతుండగా పుట్టినవారికి కొద్ది రోజులే ఉండవచ్చు. నక్షత్రంలో చంద్రుడు ఇంకా దాటవలసిన భాగం ఎంతో, దశలోనూ అదే భాగం మిగిలి ఉంటుందన్నది ఇక్కడి సూత్రం. దీన్ని లెక్కించడానికి రెండు దారులున్నాయి. ఒకటి కాలాన్ని బట్టి, రెండోది చంద్రుడి స్థానాన్ని బట్టి.

ఘడియల దారి

పంచాంగం ప్రతి రోజూ నక్షత్రం ఎప్పటివరకు ఉంటుందో చెబుతుంది. ముందు నక్షత్రం ముగిసిన సమయమే జన్మ నక్షత్రం మొదలైన సమయం. అక్కడి నుంచి అది ముగిసే వరకు ఉన్న మొత్తం కాలాన్ని ఆద్యంత ఘడియలంటారు. నక్షత్రం మొదలైనప్పటి నుంచి పుట్టిన సమయం వరకు గడిచినవి గత ఘడియలు, పుట్టినప్పటి నుంచి ముగింపు వరకు మిగిలినవి ఏష్య ఘడియలు. ఘడియ అంటే 24 నిమిషాలు. ఏష్య ఘడియలను దశా సంవత్సరాలతో గుణించి ఆద్యంత ఘడియలతో భాగిస్తే దశా శేషం వస్తుంది. ఇప్పటి పంచాంగాలు చాలావరకు గడియారం గంటల్లోనే వివరాలు ఇస్తున్నాయి. గంటలను నిమిషాలుగా మార్చుకుని ఇదే లెక్క చేయవచ్చు.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటి ఉంది. రోజుకు 60 ఘడియలు కాబట్టి నక్షత్రానికీ 60 ఘడియలే అనుకుని భాగించేస్తారు. నిజానికి చంద్రుడి వేగం రోజురోజుకూ మారుతుంది. భూమికి దగ్గరగా ఉన్నప్పుడు వడిగా, దూరంగా ఉన్నప్పుడు నెమ్మదిగా కదులుతాడు. అందుకే ఒక నక్షత్రం సుమారు 21 గంటల్లోనే ముగియవచ్చు, ఒక్కోసారి 27 గంటల దాకా సాగవచ్చు.

రోహిణిలో పుట్టిన శిశువుకు ఏష్య ఘడియలు 36 అనుకుందాం. రోహిణి చంద్రుడి నక్షత్రం, దశ 10 ఏళ్లు. ఆద్యంతం 60 ఘడియలని భావిస్తే చంద్ర దశా శేషం సరిగ్గా 6 ఏళ్లు వస్తుంది. ఆ రోజు చంద్రుడు మెల్లగా నడుస్తూ రోహిణిని దాటడానికి 64 ఘడియలు తీసుకున్నాడనుకుంటే శేషం 5 ఏళ్ల 7 నెలల 15 రోజులే. పంచాంగంలో ముందు రోజు పేజీ తిప్పి చూడనందుకు నాలుగున్నర నెలల తేడా పడుతుంది. ఆ తేడా జాతకుడి జీవితంలోని ప్రతి దశ తేదీలోనూ ఉండిపోతుంది.

చంద్రస్ఫుటం దారి

రెండో దారిలో పుట్టిన క్షణాన చంద్రుడు ఏ రాశిలో ఎన్ని భాగలు, ఎన్ని కళల మీద ఉన్నాడో తీసుకుంటారు. దీన్నే చంద్రస్ఫుటం అంటారు. 360 భాగల రాశిచక్రాన్ని 27 నక్షత్రాలకు పంచితే ఒక్కోదానికి 13 భాగల 20 కళలు వస్తాయి. భాగకు 60 కళలు కాబట్టి ఒక నక్షత్రం 800 కళలు. నక్షత్రం వ్యాప్తి ఎప్పుడూ 800 కళలే కాబట్టి ఇక్కడ ఆద్యంతం వెతుక్కోవలసిన పని లేదు. చంద్రుడు ఇంకా దాటవలసిన కళలను దశా సంవత్సరాలతో గుణించి 800తో భాగిస్తే చాలు.

దీనికి నిజమైన ఆకాశ స్థితినే ఉదాహరణగా తీసుకోవచ్చు. 1999 ఆగస్టు 11, ప్రమాది నామ సంవత్సర ఆషాఢ బహుళ అమావాస్య, బుధవారం. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం ఏర్పడింది. భారత కాలమానం ప్రకారం సాయంత్రం సుమారు 4 గంటల 39 నిమిషాలకు అమావాస్య ముగిసింది. ఆ క్షణాన సూర్యచంద్రుల స్ఫుటం ఒక్కటే కాబట్టి, సూర్యుడి స్థానం తెలిస్తే చంద్రుడి స్థానం తెలిసినట్టే. సాయన పద్ధతిలో సూర్యుడు సింహంలో 18 భాగల 21 కళల దగ్గర ఉన్నాడు. అందులోంచి అప్పటి లాహిరి అయనాంశ 23 భాగల 51 కళలను తీసేస్తే నిరయన స్థానం కర్కాటకంలో 24 భాగల 30 కళలు అవుతుంది. ఆ క్షణాన పుట్టిన శిశువుకు చంద్రస్ఫుటం ఇదే.

కర్కాటకంలో ఆశ్లేష 16 భాగల 40 కళల దగ్గర మొదలై రాశి చివరి దాకా ఉంటుంది. అంటే చంద్రుడు ఆశ్లేషలో 7 భాగల 50 కళలు, మొత్తం 470 కళలు దాటాడు. ఇంకా 330 కళలు దాటాలి.

ఇప్పుడు 330ని బుధుడి 17 ఏళ్లతో గుణిస్తే 5610 వస్తుంది. దాన్ని 800తో భాగిస్తే 7 ఏళ్లు, శేషం 10. ఆ 10ని నెలలుగా మార్చడానికి 12తో గుణిస్తే 120. అందులో 800 ఒక్కసారి కూడా పోదు కాబట్టి నెలలు 0. ఆ 120ని 30తో గుణిస్తే 3600. దాన్ని 800తో భాగిస్తే 4 రోజులు, పైన అర రోజు. అర రోజును వదిలేస్తే బుధ దశా శేషం 7 ఏళ్ల 0 నెలల 4 రోజులు. నెలల స్థానంలోని సున్నాను తప్పకుండా రాయాలి. అది రాయకపోతే ‘7-4’ని చూసినవారు 7 ఏళ్ల 4 నెలలుగా చదివే ప్రమాదం ఉంది.

ఈ జవాబు సరైన దారిలోనే ఉందో లేదో పాదాన్ని బట్టి వెంటనే పోల్చుకోవచ్చు. నక్షత్రానికి నాలుగు పాదాలు, ఒక్కోటి 200 కళలు. 470 కళలు దాటినవాడు మూడో పాదంలో ఉన్నట్టు. మూడో పాదంలో పుట్టినవారికి దశలో సగానికి తక్కువ, పావుకు ఎక్కువ మిగిలి ఉండాలి. 17 ఏళ్లలో సగం 8 ఏళ్ల 6 నెలలు, పావు 4 ఏళ్ల 3 నెలలు. వచ్చిన జవాబు ఈ రెండింటి మధ్యే ఉంది. జాతకంలో రాసిన పాదానికీ, దశా శేషానికీ ఈ పొంతన లేకపోతే రెండింట్లో ఒకటి తప్పని అర్థం. గత కళలను ఏష్య కళలుగా పొరబడి లెక్కించినా చాలాసార్లు ఇక్కడే బయటపడుతుంది. ఈ ఉదాహరణలో 470తో గుణించి ఉంటే దాదాపు 10 ఏళ్లు వచ్చేది, మూడో పాదానికి అది పొసగదు.

దశల వెంట వయసు

శేషం తేలాక మిగిలిన పట్టిక కూడుకుంటూ పోవడమే. జాతకుడి వయసు 7 ఏళ్ల 0 నెలల 4 రోజులు నిండేసరికి బుధ దశ ముగుస్తుంది. దానికి కేతువు 7 ఏళ్లు కలిపితే 14-0-4. శుక్రుడి 20 కలిపితే 34-0-4. తర్వాత రవి దశ 40-0-4 వరకు, చంద్ర దశ 50-0-4 వరకు, కుజ దశ 57-0-4 వరకు, రాహు దశ 75-0-4 వరకు నడుస్తాయి. తేదీలుగా కావాలంటే పుట్టిన తేదీకి ఇవే కలపాలి. 1999 ఆగస్టు 11కు 7-0-4 కలిపితే బుధ దశ 2006 ఆగస్టు 15న ముగుస్తుంది. కేతు దశ 2013 ఆగస్టు 15 వరకు, శుక్ర దశ 2033 ఆగస్టు 15 వరకు ఉంటాయి. మొదటి దశ తర్వాతివన్నీ పూర్తి ఏళ్లే కాబట్టి నెల, రోజు మారవు. పట్టికలో మధ్యలో ఎక్కడైనా రోజో నెలో మారిందంటే అక్కడ కూడికలో తప్పు జరిగినట్టే.

ఒక రోజున జాతకుడు ఏ దశలో ఎంత దూరం వచ్చాడో చూడాలంటే ఆ రోజుకు వయసు కట్టాలి. 2025 జనవరి 1ని తీసుకుందాం. సంవత్సరం, నెల, రోజు వరుసలో 2025-1-1 నుంచి 1999-8-11 తీసివేయాలి. 1 లోంచి 11 పోదు కాబట్టి ఒక నెలను 30 రోజులుగా విడగొట్టి తెచ్చుకుంటే 31లోంచి 11 పోగా 20 రోజులు. నెలల దగ్గర 0 మిగిలింది, అందులోంచి 8 పోదు కాబట్టి ఒక ఏడాదిని 12 నెలలుగా తెచ్చుకుంటే 4 నెలలు. 2024లోంచి 1999 పోగా 25 ఏళ్లు. వయసు 25 ఏళ్ల 4 నెలల 20 రోజులు.

ఇందులోంచి శుక్ర దశ మొదలైన వయసు 14-0-4 తీసేస్తే 11-4-16. అంటే శుక్ర దశలో 11 ఏళ్ల 4 నెలల 16 రోజులు గడిచాయి. 20 ఏళ్లలోంచి అది పోతే ఇంకా 8 ఏళ్ల 7 నెలల 14 రోజులు ఉంది. క్యాలెండర్ పట్టుకుని లెక్కిస్తే గడిచిన రోజులు 16 కాకుండా 17 వస్తాయి. డిసెంబరుకు 31 రోజులుండగా ఇక్కడ నెలకు 30 చొప్పున తీసుకోవడమే కారణం. ఒకటి రెండు రోజుల ఈ తేడా పద్ధతిలోనే ఉంది, దాన్ని తప్పుగా చూడనక్కర్లేదు.

వయసు దగ్గర జాగ్రత్త పడవలసింది ఇంకొకటుంది. ‘ఇరవై ఆరో ఏడు నడుస్తోంది’ అనడం ఇళ్లలో మామూలే. దశ లెక్కకు కావలసింది నిండిన వయసు. నడుస్తున్న ఏడాదిని నిండిన ఏడాదిగా తీసుకుంటే ఏకంగా ఏడాది ముందుకు జరిగిపోతుంది. అలాగే తిథి ప్రకారం జరుపుకునే పుట్టినరోజు ప్రతి ఏటా ఇంగ్లీషు తేదీకి అటూ ఇటూ కొన్ని రోజులు తిరుగుతుంటుంది. ఒక దశకు తేదీ నుంచి, మరో దశకు తిథి నుంచి వయసు కట్టడం వల్ల లెక్క కలగాపులగమవుతుంది.

అంతర్దశలు

ప్రతి మహర్దశనూ మళ్లీ తొమ్మిది గ్రహాలకు, 120లో వారి వాటా ప్రకారమే పంచుతారు. దశ ఎవరిదో వారి అంతర్దశతోనే పంపకం మొదలవుతుంది. నిడివి కట్టడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. దశానాథుడి ఏళ్లను అంతర్దశానాథుడి ఏళ్లతో గుణించాలి. వచ్చిన దానిలో చివరి అంకెను 3తో గుణిస్తే రోజులు, మిగిలిన ముందు భాగం నెలలు. శుక్ర దశలో గురువుకు 20 ఇంటు 16, అంటే 320. నెలలు 32, రోజులు 0. కాబట్టి 2 ఏళ్ల 8 నెలలు. బుధ దశలో బుధుడికే 17 ఇంటు 17, అంటే 289. నెలలు 28, రోజులు 9 ఇంటు 3, అంటే 27. కాబట్టి 2 ఏళ్ల 4 నెలల 27 రోజులు.

శుక్ర దశలో శుక్రుడికి 3-4-0, రవికి 1-0-0, చంద్రుడికి 1-8-0, కుజుడికి 1-2-0, రాహువుకు 3-0-0. ఇవన్నీ కలిపితే 10-2-0. దానికి గురువు 2-8-0 కలిపితే 12-10-0. పైన తేలిన 11-4-16 ఈ రెండింటి మధ్య పడింది కాబట్టి 2025 జనవరి 1న నడుస్తున్నది శుక్ర దశలో గురు అంతర్దశ. అందులో గడిచినది 1-2-16, మిగిలినది 1-5-14. శుక్ర దశ మొదలైన 2013 ఆగస్టు 15కు 10-2-0 కలిపితే గురు అంతర్దశ 2023 అక్టోబరు 15న మొదలై 2026 జూన్ 15న ముగుస్తుందని తెలుస్తుంది.

పుట్టినప్పటి మొదటి దశలో మాత్రం పద్ధతి కాస్త మెలిక తిరుగుతుంది. మిగిలిన 7 ఏళ్ల 4 రోజులనే తొమ్మిది గ్రహాలకు పంచి, బుధుడి అంతర్దశతో మొదలుపెట్టడం చాలామంది చేసే తప్పు. బుధ దశ శిశువు పుట్టకముందే 9 ఏళ్ల 11 నెలల 26 రోజులు గడిచిపోయినట్టు లెక్క. ఆ గడిచిన కాలంలో కొన్ని అంతర్దశలు అప్పటికే అయిపోయాయి. బుధుడు 2-4-27, కేతువు 0-11-27, శుక్రుడు 2-10-0, రవి 0-10-6, చంద్రుడు 1-5-0, కుజుడు 0-11-27. మొత్తం 9-5-27. ఆ తర్వాతి రాహువు 2-6-18 కలిపితే 12-0-15. కాబట్టి శిశువు పుట్టింది బుధ దశలో రాహు అంతర్దశలో. 12-0-15 లోంచి 9-11-26 పోతే రాహువుకు మిగిలినది 2-0-19. దానికి గురువు 2-3-6, శని 2-8-9 కలిపితే సరిగ్గా 7-0-4 వస్తుంది. మొదట కట్టిన దశా శేషమే మళ్లీ తిరిగి రావడం మొత్తం లెక్కకు మంచి తాళీ. ఇది కుదరకపోతే మధ్యలో ఎక్కడో నెలలూ రోజులూ తారుమారయ్యాయి.

రోజుల వరకు నమ్మవచ్చా?

జవాబు రోజుల దాకా వస్తున్నా, దాని కచ్చితత్వం పుట్టిన సమయాన్ని మించి ఉండదు. చంద్రుడు సగటున గంటకు 33 కళలు కదులుతాడు. బుధ దశలో ఒక్క కళ విలువ దాదాపు 7 రోజుల 16 గంటలు. శుక్ర దశలో అయితే 9 రోజులు. ఆసుపత్రిలో పుట్టిన సమయం పది నిమిషాలు అటూ ఇటూగా రాస్తే చంద్రుడు అయిదారు కళలు జరుగుతాడు, ఆశ్లేష జాతకుడి దశలన్నీ సుమారు 40 రోజులు జరుగుతాయి. ఏడాదీ రెండేళ్లూ ఉండే అంతర్దశలకు అది పెద్ద తేడా కాదు. అంతర్దశను మళ్లీ విడగొట్టే విదశల దగ్గర మాత్రం లెక్క చెదిరిపోతుంది. శుక్ర దశలో గురు అంతర్దశలో రవి విదశ నిడివి 48 రోజులే. పది నిమిషాల అనుమానం ఉన్న జాతకంలో ఆ విదశ మొదలయ్యే తేదీని రోజుతో సహా చెప్పడానికి ఆధారం లేదు.

కాలమానం దగ్గర జరిగే పొరపాటు ఇంకా పెద్దది. నక్షత్రం ముగిసే క్షణం ప్రపంచమంతటికీ ఒక్కటే, గడియారాలే వేరు. అమెరికాలో పుట్టిన బిడ్డకు ఇక్కడి పంచాంగంతో దశ కట్టాలంటే ముందు అక్కడి సమయాన్ని భారత కాలమానంలోకి మార్చుకోవాలి. వేసవిలో అక్కడ గడియారాలను గంట ముందుకు జరుపుతారు. అది మరిచిపోతే బుధ దశా శేషంలో ఎనిమిది నెలలకు పైగా తేడా వస్తుంది. మార్చినప్పుడు తేదీ కూడా మారవచ్చు, దానితో నక్షత్రమే మారిపోవచ్చు. పాత పద్ధతిలో ‘సూర్యోదయాది’ ఘడియలతో లెక్కించేవారు పంచాంగం ఏ ఊరి సూర్యోదయానికి కట్టిందో చూసుకోవాలి. ఒక ఊరి ఉదయాన్నీ మరో ఊరి ఘడియలనూ కలిపితే అదే రకం తప్పు దొర్లుతుంది.

తర్వాతది అయనాంశ. మేషాది బిందువును ఎక్కడ పెట్టుకోవాలన్న దాని మీద భిన్నాభిప్రాయాలున్నాయి. మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడి 1955లో నివేదిక ఇచ్చిన క్యాలెండర్ సంస్కరణ కమిటీ చిత్రా నక్షత్రాన్ని ఆధారం చేసుకున్న అయనాంశను తీసుకుంది. లాహిరి అయనాంశగా పేరుపడినది ఇదే. బి.వి. రామన్ అయనాంశ దీనికంటే సుమారు 1 భాగ 27 కళలు తక్కువ. 1999 ఉదాహరణకు రామన్ అయనాంశ వాడితే చంద్రుడు ఆశ్లేషలో 87 కళలు ముందుంటాడు, మిగిలేవి 243 కళలే. బుధ దశా శేషం 7 ఏళ్ల నుంచి 5 ఏళ్ల 2 నెలల దగ్గరికి పడిపోతుంది. ఒకే మనిషికి ఇద్దరు రాసిన జాతకాల్లో దశలు ఏడాదీ రెండేళ్లూ తేడాగా కనిపిస్తే ఎక్కువసార్లు ఎవరి లెక్కా తప్పయి ఉండదు, అయనాంశలు వేరై ఉంటాయి. పూర్వ పద్ధతి పంచాంగానికీ దృగ్గణిత పంచాంగానికీ నక్షత్రాంత్యం వేరుగా ఉండటం కూడా ఇలాంటి తేడానే తెస్తుంది. కంప్యూటర్ తీసిన జాతకంలో అయనాంశ పేరు సాధారణంగా మొదటి పేజీలోనే ఉంటుంది. రెండు జాతకాలను పోల్చే ముందు చూడవలసింది దాన్నే.

చివరిది సంవత్సర ప్రమాణం. ఇంతవరకు చేసిన లెక్కలో దశా సంవత్సరం అంటే సౌర సంవత్సరం, సుమారు 365 రోజుల 6 గంటలు. ఇందులో నెల అంటే సూర్యుడు ఒక రాశి దాటే కాలం, రోజు అంటే ఒక భాగ దాటే కాలం. అందుకే 12 నెలలు, 30 రోజుల భాగహారం సౌర సంవత్సరానికి కూడా సరిపోతుంది. కొందరు దశలకు 360 రోజుల సావన సంవత్సరాన్ని తీసుకుంటారు. అలా చేస్తే ఏటా అయిదు రోజులకు పైగా వెనక్కి జరుగుతూ వస్తుంది. ఉదాహరణ జాతకంలో శుక్ర దశ 2013 ఆగస్టు 15కు బదులు రెండున్నర నెలల ముందే, జూన్ మొదట్లో మొదలవుతుంది. ఈ తేడా వయసుతో పాటు పెరుగుతుంది, 120 ఏళ్లకు ఏడాది 9 నెలలవుతుంది. రెండు జాతకాల మధ్య తేడా అన్ని దశల్లోనూ ఒకే మేరకు ఉంటే కారణం జనన సమయం, పంచాంగం, అయనాంశల్లో వెతకాలి. దశ దశకూ పెరుగుతూ పోతుంటే కారణం సంవత్సర ప్రమాణం.

అందువల్ల దశా శేషం రాసేటప్పుడు దానితో పాటు మరికొన్ని వివరాలు రాసి ఉంచడం మంచిది: పుట్టిన సమయం ఏ కాలమానంలో ఉందో, చంద్రస్ఫుటమో ఆద్యంత, గత ఘడియలో, వాడిన పంచాంగం లేదా అయనాంశ, సంవత్సర ప్రమాణం. ఇవి ఉంటే ఎన్నేళ్ల తర్వాతైనా ఎవరైనా ఆ మూడు అంకెలను మళ్లీ కట్టి సరిచూడగలరు. ఇవి లేని జాతకంలో పాదంతో పొంతన చూడటం, మొదటి దశలోని అంతర్దశలన్నీ కలిపి శేషంతో సరిపోయాయో లేదో చూడటం ఈ రెండే చేయగలిగిన పరీక్షలు.